మూడు కాళ్ల భృంగికి ఎనభై లోపు మాటలు

ఇవాళ మీతో ఒక రాతి స్తంభం గురించి, దాని పక్కన పెట్టే చిన్న పలక గురించి కబుర్లు చెప్పాలని ఉంది. మ్యూజియంలో ప్రతి వస్తువు పక్కనా ఒక కార్డు ఉంటుంది చూశారా, దాన్నే అక్కడివాళ్లు లేబుల్ అంటారు. ఒక చిన్న మ్యూజియంవాళ్లు తమ వరండాలో నిలబెట్టిన స్తంభానికి కొత్త లేబుల్ రాసిపెట్టమని నన్నడిగారు. షరతు ఒక్కటే: ఎనభై మాటలు దాటకూడదు. చదివేది పండితులు కాదు. బడి పిల్లలు, సెలవు రోజున కుటుంబంతో వచ్చేవాళ్లు, పక్క ఊరి గుడి చూసుకుని తిరుగు బస్సుకు ఇంకా టైముందని లోపలికి వచ్చేవాళ్లు. వాళ్ల కోసం రాయాలి.

ముందు స్తంభాన్ని చూడండి. మంచి పొడగరి చెయ్యెత్తి నిలబడితే ఎంత ఉంటాడో అంత ఎత్తు. బూడిదరంగు గ్రానైట్, అడుగు నుంచి కొన దాకా ఒకటే రాయి. మూడు చోట్ల చదరంగా ఉంటుంది: అడుగున ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి. వాటి మధ్య భాగాలను ఎనిమిది పట్టెలుగా, పదహారు పట్టెలుగా చెక్కారు. చదరం పట్టెలుగా మారే మూలల దగ్గర చిన్న పడగ లాంటి చెక్కడం ఉంది. శిల్పం చదివినవాళ్లు దీన్ని నాగబంధం అంటారు. స్తంభం కొనన, బెత్తెడు ఎత్తున ఒక బొడిపె. ఒక్కో చదరానికి నాలుగు ముఖాలు, మొత్తం పన్నెండు ముఖాలు, పన్నెండింటి మీదా బొమ్మలే. అడుగున సింహం, గుర్రపు రౌతు, లతలు. నడుమ ఒక ముని, ఒక హంస, పద్మం, వెనక వైపు చిలుకతో ఒక స్త్రీ. పైన పువ్వులు, మళ్లీ లతలు.

పన్నెండు ముఖాలనూ ఎనభై మాటల్లో పంచితే ఒక్కోదానికి ఆరో ఏడో మాటలొస్తాయి. అప్పుడది లేబుల్ కాదు, సామాను జాబితా. అందుకని మొట్టమొదట తేల్చుకోవలసింది ఏం రాయాలన్నది కాదు, ఏ ముఖాన్ని చూపించాలన్నది. మిగతా పదకొండింటిని వదిలేయడానికి మనసు ఒప్పుకోవాలి. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

అంతకు ముందు అక్కడో పాత లేబుల్ ఉండేది. నంబరు, 'స్తంభము' అన్న మాట, రాయి పేరు, కాలం, కొలతలు, ఆ కింద 'చతురస్ర, అష్టాస్ర, షోడశాస్ర భాగములతో, నాగబంధములతో అలరారుచున్నది' అని ఒక వాక్యం. అందులో తప్పేమీ లేదు. రిజిస్టరులో రాసుకోవడానికి అచ్చంగా అలాగే ఉండాలి కూడా. రేపు ఆ స్తంభం ఎక్కడికైనా తరలిపోతే వెతికి పట్టుకోవడానికి పనికొచ్చేవి ఆ కొలతలే. కానీ వరండాలో నిలబడ్డ మనిషికి అందులో ఒక్క మాట కూడా రాయివైపు దారి చూపదు. 'షోడశాస్ర' అన్న మాట చదివి, తలెత్తి, ఏ భాగానికి పదహారు పట్టెలున్నాయో లెక్కపెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? చదివినవాళ్లు తల ఆడించి పక్క విగ్రహం దగ్గరికి నడుస్తారు. చదవనివాళ్లు అంతకన్నా ముందే నడుస్తారు.

సందర్శకులకు ఓపిక లేదని కోప్పడేవాళ్లున్నారు. నాకు ఆ కోపం సబబనిపించదు. అమెరికాలో బెవర్లీ సెరెల్ అనే ఆమె జీవితమంతా ఈ లేబుళ్ల మీదే పనిచేసింది. వందకు పైగా ప్రదర్శనల్లో జనం ఎంతసేపు ఉంటున్నారో లెక్కలు తీయించి 1998లో అచ్చువేసింది. పెద్ద ప్రదర్శన అయినా చిన్నదైనా, విషయం ఏదైనా, మామూలు సందర్శకుడు మొత్తం ప్రదర్శనలో ఇరవై నిమిషాల లోపే గడుపుతున్నాడని తేలింది. ఆ ఇరవై నిమిషాల్లో మన స్తంభానికి దక్కేది ఎంతో మీరే ఆలోచించండి. అర నిమిషం దక్కితే గొప్ప. ఆ మనిషి నిలబడి ఉంటాడు. చేతిలో సంచి, పక్కన చెయ్యి లాగే పిల్ల. కళ్లు లేబుల్ మీదికీ రాయి మీదికీ తిరుగుతూ ఉంటాయి. పుస్తకం చదివే మనిషికి ఈ అవస్థ లేదు. అందుకే లేబుల్‌లో ప్రతి వాక్యమూ కన్నును ఒకసారి రాయి మీదికి పంపాలి. పంపలేని వాక్యం ఎంత నిజమైనా, ఎంత అందమైనా, దానికి ఆ పలక మీద చోటు లేదు. నా గీటురాయి అదొక్కటే.

ఇక ఏ ముఖం? నేను చేసిన పనల్లా ఆ వరండాలో ఒక మూల కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లను చూడడం. పెద్దవాళ్లు స్తంభాన్ని కింది నుంచి పైకి ఒకసారి చూసి 'పాత గుడిది' అనుకుని కదులుతున్నారు. పిల్లలు మాత్రం నడుమ చదరం దగ్గర ఆగుతున్నారు. అది సరిగ్గా వాళ్ల కంటి ఎత్తుకు కాస్త పైన ఉంది. అక్కడ గడ్డం ముని ఒకడు తాళాలు పట్టుకుని ఎగురుతున్నాడు. వాడికి కాళ్లు రెండు కాదు, మూడు. ఒక పిల్లాడు అడిగాడు కూడా. 'అది కర్ర నాన్నా' అన్నాడు తండ్రి. రాయి అరిగిపోయి ఉంది కాబట్టి ఆయన అలా అనుకోవడం సహజమే. కానీ మోకాలు కనిపిస్తోంది, పాదం కనిపిస్తోంది, వేళ్లు కూడా గీతలు గీతలుగా ఉన్నాయి. కర్రకు వేళ్లుండవు కదా. జనం అప్పటికే అడుగుతున్న ప్రశ్న ఒకటి సిద్ధంగా ఉంది, జవాబు అక్కడ లేదు. లేబుల్‌కి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఆ ముని భృంగి. కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చెప్పుకుందాం, ఇందులో ఎంత ఉంచాలి, ఎంత తీసేయాలి అన్నదే మన పని కాబట్టి. భృంగి శివభక్తుడు. ఎంత భక్తుడంటే శివుడికి తప్ప ఇంకెవరికీ మొక్కనంటాడు, పక్కనే ఉన్న పార్వతికి కూడా. ఆయన చుట్టూ మాత్రమే ప్రదక్షిణ చేస్తానంటాడు. శివుడు అర్ధనారీశ్వరుడై, ఇద్దరి మధ్యా సందు లేకుండా చేశాడు. భృంగి తుమ్మెదై, ఆ ఒక్కటైన దేహాన్ని తొలుచుకుంటూ శివుడి సగం చుట్టూ మాత్రమే తిరిగాడు. పార్వతికి కోపం వచ్చింది. దేహంలో రక్తమాంసాలు తల్లి ఇచ్చినవంటారు, అవి వెనక్కి ఇచ్చెయ్యమంది. భృంగి ఎముకల గూడై కూలబడ్డాడు. నిలబడలేని భక్తుడికి శివుడు ఇంకో కాలు ఇచ్చాడు. అదీ మూడో కాలు.

ఎంత బాగుంది! తుమ్మెద రంధ్రం తొలిచే చోటైతే పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి వింటారు. కానీ ఈ స్తంభం మీద తుమ్మెద లేదు, అర్ధనారీశ్వరుడూ లేడు. చూడడానికి లేనిదాన్ని చెప్పడానికి పలక మీద పదిహేను మాటలు ఖర్చుపెట్టలేం. రాయి మీద ఉన్నది మూడో కాలు. అది ఎందుకొచ్చిందో చెప్పడానికి మూడు సంగతులు చాలు: పార్వతికి మొక్కలేదు, ఆమె కోపంతో బలం పోయింది, శివుడు కాలిచ్చాడు. మిగతా కథను విడిగా ఒక కాగితం మీద రాసి వరండాలో కాపలా ఉండేవాళ్లకి ఇచ్చాను. ఎవరైనా అడిగితే చెబుతారు. నిజానికి లేబుల్ కంటే వాళ్లే బాగా చెబుతారు.

ఇక్కడ ఇంకొక ఆశ కూడా ఉంది, దాన్నీ అణచుకోవాలి. మూడు కాళ్ల భృంగి అనగానే మనకు లేపాక్షి గుర్తొస్తుంది. అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలింది 1529 నుంచి 1542 వరకు. ఆ రోజుల్లో విరుపణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో నాట్యమండపం ఉంది కదా, దాని స్తంభాల మీద రంభ ఆడుతుంటే తుంబురుడు, బ్రహ్మ, నంది వాద్యాలు వాయిస్తుంటారు. ఆ సభలో భృంగి మూడు కాళ్లతో నాట్యం నేర్పే గురువు. ఒక్కో స్తంభం ఒక్కో కళాకారుడు, అందరూ కలిస్తే ఒక కచేరీ. ఆ సంగతి చెప్పాలని నాకు చాలా కోరిక. మన భృంగి కూడా అలాంటి సభలో ఒకడై ఉండవచ్చు, మిగతా స్తంభాలు పోయి ఇతడొక్కడే మిగిలి ఉండవచ్చు. అయితే లేబుల్‌లో 'లేపాక్షి' అన్న మాట పడగానే సగం మంది ఈ స్తంభం లేపాక్షి నుంచి వచ్చిందనుకుని వెళ్తారు. రేపు ఇంటికెళ్లి అదే చెబుతారు. పోలిక కోసం తెచ్చిన ఊరి పేరు చదివేవాడి తలలో పుట్టినూరుగా మారిపోతుంది. ఈ ప్రమాదం పెద్ద ఊళ్ల పేర్లతో మరీ ఎక్కువ. అందుకే లేపాక్షి మీతో కబుర్లలోకి వచ్చింది, పలక మీదికి రాలేదు.

సరే, మూడో కాలు చూడండి అని రాశాం. కనిపించకపోతే? ఈ ప్రశ్న లేబుల్ రాసేవాళ్లు సాధారణంగా వేసుకోరు, వెలుతురు తమ పని కాదనుకుంటారు. గ్రానైట్ గట్టి రాయి, గింజలు గింజలుగా ఉంటుంది. కాకతీయ శిల్పులు వాడిన నల్ల డోలరైట్‌లో దారమంత సన్నని గీతలు కూడా చెక్కి, అద్దంలా నునుపు చేయవచ్చు. 1213 నాటి రామప్ప గుడిలో మధ్యన ఉన్న నల్ల స్తంభాలు చూస్తే తెలుస్తుంది. గ్రానైట్‌లో అంత సున్నితం కుదరదు. స్తంభం ముఖాల మీద బొమ్మలు వేలి మందం కూడా పైకి లేవవు. ఇలాంటి పలచని చెక్కడానికి ఎదురుగా దీపం వేస్తే నీడలన్నీ చచ్చి, బొమ్మ రాతిలో కలిసిపోతుంది. అదే దీపాన్ని పక్కనుంచి, గోడకు ఆనించినంత వాలుగా వేస్తే ప్రతి గీత పక్కనా ఒక నీడ పడుతుంది, బొమ్మ లేచి వస్తుంది. మీరు ఏ గుడిలోనైనా చేసి చూడవచ్చు. సెల్‌ఫోన్ టార్చి ముందుగా ఎదురుగా పట్టండి, తర్వాత చెయ్యి చాచి పక్కకు తీసుకెళ్లండి. మన వరండాలో ట్యూబులైటు స్తంభానికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ తండ్రికి కాలు కర్రలా కనబడిందంటే అందులో ఆ ట్యూబులైటు పాత్ర చాలా ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎడమ పక్కన ఒక చిన్న దీపం వాలుగా బిగించాక మోకాలి చిప్ప కూడా కనిపించింది. ఆ పని అయ్యాకే నేను లేబుల్ మొదటి వాక్యం రాశాను.

కాలం సంగతి. ఈ స్తంభం మీద శాసనం లేదు. ఏ సంవత్సరం చెక్కారో చెప్పే అక్షరం ఒక్కటి కూడా లేదు. అయినా విజయనగర కాలం అని ఎలా అంటాం? ఆ మూడు చదరాలు, మధ్యన పట్టెలు, మూలల్లో నాగబంధాలు, ఇదంతా కలిసి ఆ కాలపు గుళ్లలో పదే పదే కనిపించే పద్ధతి. కాకతీయుల స్తంభమైతే పైభాగంలో గుండ్రటి చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, చూడగానే తేడా తెలుస్తుంది. అయితే పద్ధతిని బట్టి చెప్పే కాలం ఎప్పుడూ సుమారే, శాసనం చెప్పే సంవత్సరం లాంటిది కాదు. అందుకని 'సుమారు' అన్న మాట నాకు ప్రాణం. చోటు లేదని ఎవరైనా దాన్ని తీసేయమంటే ఇంకేదైనా తీసేస్తాను గానీ దాన్ని తీయను. 'సుమారు' లేకపోతే మనకు తెలిసినదాని కన్నా ఎక్కువ చెప్పినట్టవుతుంది.

ఇంకోటి, '16వ శతాబ్దం' అంటే పిల్లల్లో చాలామంది 1600 తర్వాత అనుకుంటారు. పెద్దవాళ్లలోనూ తడబడేవాళ్లున్నారు. 'సుమారు 500 ఏళ్ల కిందటిది' అంటే ఎవరికీ లెక్క తప్పదు. తాత, తాతకు తాత, ఆ వెనక ఇంకా ఎందరో అని ఊహ వెళ్తుంది. కానీ మరికాస్త తెలుసుకోవాలని పుస్తకాల్లో వెతుక్కునేవాళ్లకి శతాబ్దమే కావాలి. అందుకని రెండూ పెట్టాను. రెండు మాటలు ఎక్కువైనా ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు ఇబ్బందైన సంగతి: ఇది ఇక్కడికెలా వచ్చింది? స్తంభమనేది విడిగా నిలబడటానికి పుట్టిన వస్తువు కాదు. దాని మీద ఏదో ఉండాలి, దాని పక్కన ఇంకోటి ఉండాలి, కింద నేల ఉండాలి. మ్యూజియంలో ఒంటరిగా కనిపించిందంటే ఒక కట్టడం పోయిందన్నమాటే. ఆ సంగతి చెప్పకుండా దాటేస్తే లేబుల్ నిజాయితీగా లేనట్టే.

ఫిలడెల్ఫియాలో ఉండే మన తెలుగువాళ్లకి ఈ విషయం బాగా తెలుసు. అక్కడి కళల మ్యూజియంలో ఏకంగా ఒక గుడి మండపమే ఉంది, మదురై మదనగోపాలస్వామి గుడిది. మదురైని తెలుగు నాయక రాజులు ఏలిన నాటి పని. 1912లో అడలైన్ పెప్పర్ గిబ్సన్ అనే అమెరికన్ యువతి మదురై వచ్చి, అక్కడ విడివిడిగా పడి ఉన్న ఆ స్తంభాలనూ రాళ్లనూ కొని ఓడెక్కించింది. ఆమె మొదటి ప్రపంచ యుద్ధం చివర ఫ్రాన్సులో సేవ చేస్తూ చనిపోయింది. ఆమె జ్ఞాపకంగా 1919లో కుటుంబం వాటిని మ్యూజియానికి ఇచ్చింది. అక్కడికి వెళ్లిన తెలుగు పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న 'గుడి ఇక్కడికెందుకొచ్చింది?' అన్నదే. న్యాయమైన ప్రశ్న. దాని తర్వాతే ఏ బొమ్మ ఎవరిదన్న సంగతి.

మన స్తంభం అంత దూరం రాలేదు. రిజిస్టరులో ఒక్క వాక్యం ఉంది: చెరువు కట్ట దగ్గర పాడుబడిన శివాలయం మండపం నుంచి తెచ్చారని. మిగతా స్తంభాలు ఏమయ్యాయో అందులో లేదు. మనకు తెలిసినంత చెప్పాలి, అంతే. కానీ మండపం ఒకప్పుడు ఉండేదని రాయి స్వయంగా చెబుతోంది, చూశారా, ఆ కొన మీది బొడిపె! దాని మీద చిల్లి ఉన్న మరో రాయి సరిగ్గా దిగి కూర్చునేది. ఆ రాయి రెండు వైపులా చేతులు చాచి దూలాలను పట్టుకునేది. దూలాల మీద కప్పు రాళ్లు. సున్నం లేదు, ఇనుము లేదు, బరువే వాటిని కదలకుండా పట్టి ఉంచేది. ఈ బొడిపెను చాలామంది విరిగిన ముక్క అనుకుంటారు. విరిగింది కాదు, పని కోసం చెక్కినది. ఒక్క వాక్యంలో అది చెబితే కన్ను స్తంభం కొన దాకా వెళ్తుంది, అక్కడినుంచి లేని కప్పు దాకా మనసు వెళ్తుంది. నాకీ వాక్యం భృంగి కథ కన్నా కూడా ఇష్టం.

మొదట రాసుకున్నది నూట నలభై మాటల దాకా వచ్చింది. అందులో 'విజయనగర శిల్పుల అద్భుత నైపుణ్యానికి ఈ స్తంభం నిదర్శనం' అన్న వాక్యం తీసేయడానికి క్షణం పట్టలేదు. చూసేవాడికి అద్భుతం అనిపించాలి గానీ, మనం అద్భుతం అని చెబితే ఏం లాభం? ఆ వాక్యాన్ని ఏ గుడి స్తంభం కిందైనా పెట్టవచ్చు, అంటే ఈ స్తంభానికి అది ఏమీ చెప్పడం లేదు. తర్వాత రాతిని కొండ నుంచి ఎలా విడదీస్తారన్న వాక్యం పోయింది. హంపిలో బండల మీద వరసగా తొలిచిన చిన్న గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో చీలలు దిగ్గొట్టి రాయిని గీత గీసినట్టు పగలగొట్టేవారు. మన స్తంభానికి అడుగున ఒక పక్క అలాంటి గుంట సగం మిగిలి ఉంది కూడా. కానీ అది నేలకు ఆనుకుని ఉండటంతో వంగితే తప్ప కనిపించదు. మనసు పీకింది, అయినా తీసేశాను.

మిగిలినదాన్ని మామూలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి స్తంభం పక్కన అంటించాం. అసలు పలక చేయించే ముందు ఇలా పెట్టి చూడటం చౌకైన పని, చాలా తెలుస్తుంది. అందులో 'నడిమి దిమ్మెను చూడండి' అని ఉంది. చదివినవాళ్లు చదివినట్టే తల దించి కింద పీఠం వైపు చూశారు. మనవాళ్లకు దిమ్మె అంటే కింద ఉండేదే. 'నడుమ ఉన్న చదరపు భాగం' అని మార్చగానే చూపులు సరైన చోటికి వెళ్లాయి. కాపలా ఆయన చేత పైకి చదివించాను. ఎక్కడ ఊపిరి ఆగిందో అక్కడ వాక్యం విరిచాను. 'మూడో కాలు ఉంది' అని చెప్పేయడం కన్నా 'ఎన్ని కాళ్లు?' అని అడిగితే పిల్లలు లెక్కపెడుతున్నారు, వాళ్లతో పాటు పెద్దలూ లెక్కపెడుతున్నారు. లేబుల్‌లో ప్రశ్న పెడితే జవాబు రాతి మీదే దొరకాలి. దొరకని ప్రశ్న పెడితే అది పరీక్ష పేపరు అవుతుంది.

చివరికి నిలిచింది ఇది:

మూడు కాళ్ల నాట్యగాడు

స్తంభం నడుమ ఉన్న చదరపు భాగం చూడండి.
గడ్డం ఉన్న ఈ మునికి ఎన్ని కాళ్లు?
ఇతని పేరు భృంగి.
శివుడికి తప్ప పార్వతికి మొక్కనన్నాడు.
ఆమె కోపానికి కాళ్లలో సత్తువ పోయింది.
పడిపోకుండా శివుడు మూడో కాలు ఇచ్చాడు.
ఇక్కడ ఆ కాళ్లతోనే తాళం వేస్తూ ఆడుతున్నాడు.

చదరం మూలల్లో చిన్న పాము పడగలున్నాయి.
విజయనగర కాలపు శిల్పులు వీటిని ఇష్టంగా చెక్కేవారు.
స్తంభం కొనన ఉన్న బొడిపె మీద
మరో రాయి కూర్చుని మండపం కప్పును మోసేది.

గ్రానైట్. సుమారు 500 ఏళ్ల కిందటిది (16వ శతాబ్దం).
పాడుబడిన శివాలయం మండపం నుంచి తెచ్చినది.

పేరుతో కలిపి డెబ్బై రెండు మాటలు. వరసలు ఎక్కడ విరిగాయో గమనించారా? స్వీడన్‌లో మార్గరెటా ఎకార్వ్ అనే రచయిత్రి మ్యూజియం రాతలకు ఒక పద్ధతి చెప్పింది: పొట్టి వరసలు, ఒక్కో వరసలో ఒక్కో భావం, మనం మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగుతామో అక్కడే వరస తెగాలి. నిలబడి చదివేవాడు రాయి వైపు చూసి మళ్లీ పలక వైపు తిరిగినప్పుడు, తాను ఎక్కడ ఆపాడో వెతుక్కోకుండా దొరకాలి. మన తెలుగుకి ఇది బాగా కుదురుతుంది, క్రియతో వాక్యం ముగిసే చోట వరస కూడా ముగుస్తుంది.

అచ్చు సంగతిలో తెలుగుకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు పలకకు వేసిన కొలతలతోనే తెలుగు వేస్తే కింది ఒత్తులు తర్వాతి వరస గుడులకు తగులుతాయి. 'స్తంభం', 'భృంగి', 'కాళ్ల' అన్నీ ఒత్తులూ వట్రసుడులూ ఉన్న మాటలే. వరసల మధ్య ఎడం ధారాళంగా ఇమ్మని అచ్చువేసేవాళ్లతో గట్టిగా చెప్పాను. అక్షరం 24 పాయింట్లకు తగ్గకూడదన్నాను. మెరిసే లామినేషన్ వద్దన్నాను, కొత్తగా పెట్టిన పక్క దీపం దాని మీద పడి తళుక్కుమంటే ఒక్క అక్షరం కనబడదు. పలకను స్తంభానికి తగిలించలేదు, రాతిని తొలిచే ప్రశ్నే లేదు. పక్కన చిన్న స్టాండు మీద, పిల్లలకూ చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ అందే ఎత్తులో, కాస్త వాలుగా పెట్టాం.

'తాకరాదు' అన్న మాట ఈ పలక మీద వేయాలని ఒక సూచన వచ్చింది. కారణం ఉంది. ఎవరో ఒకరు భృంగి కాళ్ల దగ్గర కుంకుమ పెడుతూ ఉంటారు, ఒక్కోసారి నూనె చుక్క కూడా. నూనె గ్రానైట్‌లోకి ఇంకి నల్లబడుతుంది, దాని మీద దుమ్ము అంటుకుని చెక్కడం పూడుకుపోతుంది. ఆపాల్సిందే. కానీ కుంకుమ పెట్టిన చెయ్యి భక్తితో పెట్టింది. కథ చెప్పే పలకే గద్దింపు కూడా చేస్తే బాగుండదు. ఆ మాట వేరే చిన్న బోర్డు మీద, కారణంతో సహా, మర్యాదగా రాసి కింద పెట్టాం: 'నూనె, కుంకుమ రాతి చెక్కడాన్ని పాడుచేస్తాయి. దయచేసి దూరం నుంచే నమస్కరించండి.'

ఇంగ్లీషు పలక విడిగా రాశాను, దీన్ని అనువదించలేదు. భృంగి ఎవరో, పార్వతి శివుడికి ఏమవుతుందో తెలియని మనిషికి మొదలే వేరుగా ఉండాలి. అక్కడ మాటలు ఎక్కువ పట్టాయి, అందుకని పాము పడగలు వదులుకోవలసి వచ్చింది.

ఇక మిగిలింది వెనక ముఖం. చిలుకతో ఉన్న ఆ స్త్రీ గోడకు ఆనుకుని ఉంది, జానెడు సందు కూడా లేదు. అద్దం పెట్టి చూశాను, స్తంభం మొత్తంలో అరగని ముఖం అదే. చిలుక ముక్కు కూడా చెక్కుచెదరలేదు. స్తంభాన్ని రెండడుగులు ముందుకు జరపమని అడిగాను. టన్నుకు పైగా బరువు, నేల కింద దిమ్మ కట్టాలి, క్రేన్ వరండాలోకి రాదు, గొలుసు కప్పీతో ఎత్తాలి, దానికి డబ్బు మంజూరు కావాలి. ఫైలు కదులుతోందట. లేబుల్‌లో ఇంకా చోటుంది. స్తంభం జరిగిన రోజున భృంగి నాట్యం తర్వాత ఈ వాక్యం చేరుతుంది: 'వెనక్కి వెళ్లండి: అక్కడ చిలుకతో ఒక స్త్రీ ఉంది.' ఏడు మాటలు, మొత్తం డెబ్బై తొమ్మిది.